మూతి వంకర పోయి మాట ముద్దగా వస్తుంటే: మొదటి గంటలో ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని

మా పెదనాన్నకి 63 ఏళ్లు. బీపీ ఉంది, షుగర్ ఉంది, రెండింటికీ మాత్రలు వాడుతున్నాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని కాఫీ తాగడం ఆయన అలవాటు. ఆ రోజు 6:50కి పాలబ్బాయితో నెల లెక్క మాట్లాడాడు, మాట ఎప్పటిలాగే ఉంది. 7:10కి పెద్దమ్మ బయటికొచ్చి చూస్తే ఆయన చొక్కా మీద ఎడమ వైపు కాఫీ మరక. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని తాగుతూనే ఉన్నాడు, పెదవి మూల నుంచి కాఫీ కారుతూనే ఉంది, కారుతున్నట్టు ఆయనకి తెలియడం లేదు. ఏమైందని అడిగితే "ఏం కాలేదు, నువ్వెళ్లు" అన్నాడు, కానీ ఆ మాట నోట్లో వక్క పెట్టుకుని మాట్లాడినట్టు ముద్దముద్దగా వచ్చింది.

పెద్దమ్మ కాసేపు పడుకోమంది. అన్నయ్య పొలం నుంచి వచ్చేసరికి అరగంట గడిచింది. నేను ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి 7:45కి నాకు ఫోన్ చేశాడు. "చెల్లీ, నాన్నకి మూతి కుడి పక్కకి లాగేసింది, గాలి సోకిందంటున్నారు, ఏం చేద్దాం?" అన్నాడు. అప్పటికే ఊరి ఆర్‌ఎంపీ వచ్చి బీపీ చూసి, 190/100 ఉందని నాలుక కింద మాత్ర పెట్టబోతున్నాడు. ఆ ఫోన్‌లో నేను అన్నయ్యతో ఏమేం చేయించానో, ఎందుకు చేయించానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే ఫోన్ చేయడానికి ఎవరూ దొరక్కపోవచ్చు.

ముందు అసలు ఏం జరుగుతోందో

పక్షవాతం, అంటే స్ట్రోక్, వచ్చేది చేతికో కాలికో కాదు, మెదడుకి. మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడుతుంది, లేదా నాళం చిట్లి రక్తం బయటికి వస్తుంది. అయిదుగురిలో సుమారు నలుగురికి జరిగేది మొదటిది, అంటే గడ్డ. గడ్డ అడ్డుపడగానే మెదడులో ఆ ప్రాంతం మొత్తం ఒక్కసారిగా చచ్చిపోదు. కాలువకి అడ్డం పడితే ఆ తూము కింద చేలన్నీ అదే రోజు ఎండిపోవు కదా. సరిగ్గా తూము దగ్గర నీళ్లు అందని మడులు ముందు పోతాయి, చుట్టుపక్కల చేలకి పక్క బోదెల నుంచి ఊటనీరు కాస్త కాస్త అందుతూ ఉంటుంది, పైరు వాడుతుంది కానీ చావదు. మెదడులో కూడా నడిమధ్య కొంత భాగం త్వరగా చచ్చిపోతుంది, దాని చుట్టూ ఉన్న భాగం పక్క నాళాల నుంచి అందే కొద్దిపాటి రక్తంతో పనిచేయడం మానేసి, ప్రాణం మాత్రం పట్టుకుని ఉంటుంది. ఆసుపత్రిలో కాపాడగలిగేది ఈ వాడిన భాగాన్నే. గడ్డ తీయకపోతే గంటలు గడిచేకొద్దీ ఇది కూడా చచ్చిన భాగంలో కలిసిపోతుంది.

పెద్ద నాళం మూసుకుపోయి వైద్యం అందకపోతే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్కగట్టారు. అందరికీ ఇంతే వేగంగా పోతాయని కాదు, పక్క నాళాలు బాగున్నవాళ్లకి నెమ్మదిగా, లేనివాళ్లకి ఇంకా వేగంగా పోతాయి. కానీ మన మనిషిది ఏ రకమో ఇంట్లో కూర్చుని తెలుసుకునే దారి లేదు. మా పెదనాన్నని పడుకోబెట్టి చూసిన 35 నిమిషాలని ఈ సగటుతో లెక్కేస్తే 6 కోట్ల 65 లక్షల కణాలు.

నవ్వించండి, చేతులు చాపించండి, మాట్లాడించండి

దీనికి ఒక్క నిమిషం చాలు. మనిషిని కూర్చోబెట్టి మీరు ఎదురుగా కూర్చోండి, పళ్లు కనబడేలా నవ్వమనండి. మామూలుగా ఉన్న ముఖంలో కనిపించని తేడా నవ్వినప్పుడు బయటపడుతుంది. ఒక వైపు పెదవి మూల పైకి లేస్తుంది, రెండో వైపు లేవదు, ముక్కు పక్కన గీత చెరిపేసినట్టు చదునుగా ఉంటుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మూతి ఎటు లాగిందో అటు జబ్బు అనుకుంటారు. బాగున్న కండరాలు లాగుతాయి, పడిపోయిన కండరాలు లాగలేవు, కాబట్టి మూతి కుడికి లాగితే దెబ్బ తగిలింది ఎడమ వైపుకి. పెదనాన్నకి కాఫీ కారింది ఎడమ మూల నుంచే.

తర్వాత రెండు చేతులూ ముందుకు చాపించండి, అరచేతులు ఆకాశం వైపు ఉండాలి, కళ్లు మూసుకోవాలి. పది అంకెలు లెక్కపెట్టండి. చెయ్యి మొత్తం పడిపోతేనే పక్షవాతం అనుకోకండి, ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగుతూ అరచెయ్యి లోపలికి తిరిగిపోయినా అది లక్షణమే. కళ్లు మూయించడం ఎందుకంటే, చూస్తూ ఉంటే మనిషి పంతంగా చెయ్యి పైకి పట్టుకోగలడు.

ఇక మాట. "బల్ల మీద పాల గిన్నె పెట్టాను" అని చెప్పించండి. ఈ వాక్యం నేను మా వార్డులో వాడతాను. బ, మ, ప పలకాలంటే రెండు పెదవులూ గట్టిగా కలవాలి, ల, ద, న, ట పలకాలంటే నాలుక కొస పైకి లేచి తగలాలి, గ పలకాలంటే నాలుక వెనక భాగం పనిచేయాలి. పెదవి జారిపోతే బల్ల కాస్తా వల్ల అవుతుంది, నాలుక మందంగా ఉంటే గిన్నె, పెట్టాను రెండూ కలిసిపోయి వినబడతాయి. మాట ముద్దగా రావడం ఒక రకం. ఇంకో రకం ఉంది, అందులో ఉచ్చారణ బాగానే ఉంటుంది కానీ మాటలు దొరకవు, లేదా అడిగినదానికి సంబంధం లేని మాటలు వస్తాయి, మనం చెప్పేది అర్థం కాదు. ఇది ఎక్కువగా మెదడు ఎడమ భాగం దెబ్బతింటే, అంటే శరీరం కుడి వైపు పడిపోయినప్పుడు కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు "మతిభ్రమించినట్టు మాట్లాడుతున్నాడు" అని దీన్ని వేరే జబ్బు అనుకుని ఆగిపోతారు. అదీ స్ట్రోకే కావచ్చు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా వచ్చినా చాలు, మూడూ ఉండాలని లేదు. ఉన్నట్టుండి నిలబడలేక తూలిపోవడం, ఒక కంటికో ఒక పక్కకో చూపు పోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్క దెబ్బతో రావడం కూడా ఈ కోవలోవే.

"ఏం కాలేదు" అన్న మాట గురించి ఒకటి చెప్పాలి, దీనివల్ల ఎంతమంది ఆలస్యంగా వస్తారో నేను రోజూ చూస్తున్నాను. మెదడు కుడి భాగం దెబ్బతిన్నవాళ్లలో కొందరికి తమ ఎడమ పక్క పడిపోయిందన్న సంగతే తెలియదు. ఇది మొండితనం కాదు, భయం దాచుకోవడం కాదు, ఆ సంగతి పసిగట్టాల్సిన మెదడు భాగమే పనిచేయడం లేదు. పైగా నొప్పి ఉండదు. గుండెపోటు వచ్చినవాడు గుండె పట్టుకుంటాడు, స్ట్రోక్ వచ్చినవాడు కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. కాబట్టి ఆ మనిషి మాట నమ్మకండి, ముఖం నమ్మండి. పెదనాన్న కారు ఎక్కేదాకా, "అమ్మాయ్, అనవసరంగా హడావుడి చేస్తున్నావు" అని ఫోన్‌లో నన్ను తిడుతూనే ఉన్నాడు.

టైం రాయండి, కానీ సరైన టైం

అన్నయ్యని నేను అడిగిన మొదటి ప్రశ్న: "ఎప్పుడు మొదలైంది?" అతను "7:10" అన్నాడు. అది పెద్దమ్మ చూసిన టైం, మొదలైన టైం కాదు. మాకు కావాల్సింది, మనిషి బాగున్నట్టు చివరిసారి ఎవరైనా చూసిన టైం. పాలబ్బాయిని పిలిచి అడిగితే 6:50 అని తేలింది. ఆసుపత్రిలో గడియారం అక్కడి నుంచి మొదలవుతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా ఆ టైం నుంచి నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, అంటే పెదనాన్నకి గడువు 11:20.

నిద్రలో వస్తే ఈ లెక్క ఇంకా కష్టం. రాత్రి 10 గంటలకి బాగా పడుకుని పొద్దున 6 గంటలకి మూతి వంకరతో లేస్తే, బాగున్నట్టు తెలిసిన చివరి టైం రాత్రి 10 గంటలే. మధ్యలో బాత్రూంకి లేచి మాట్లాడాడా అని ఇంట్లో అందరినీ అడగండి, మూడు గంటలకి లేచి మంచినీళ్లు అడిగాడని ఎవరో ఒకరు చెప్తే లెక్కే మారిపోతుంది. అలా ఎవరూ చెప్పకపోయినా టైం దాటిపోయిందని ఇంట్లోనే ఆగిపోకండి. ఎమ్మారై చూసి ఇంజెక్షన్ ఇవ్వొచ్చో లేదో తేల్చే పద్ధతి ఉంది. పెద్ద నాళంలో గడ్డ ఉంటే గజ్జల్లోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డని బయటికి లాగేసే వైద్యం, స్కాన్‌లో ఇంకా కాపాడగలిగిన భాగం కనబడినవాళ్లకి 24 గంటల దాకా చేస్తున్నారు.

రాసిన టైం కాగితం మీద కాదు, రోగితో వెళ్లే మనిషి అరచేతి మీద పెన్నుతో రాయించండి. కాగితాలు పోతాయి.

షుగర్ చూడండి, బీపీని ముట్టుకోకండి

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒక్క చుక్క రక్తంతో షుగర్ చూడండి. షుగర్ బాగా పడిపోతే అచ్చం స్ట్రోక్ లాగే ఒక పక్క చచ్చుబడి మాట తడబడవచ్చు, గ్లూకోజ్ ఎక్కిస్తే సర్దుకుంటుంది. పెదనాన్నది 168 వచ్చింది, అంటే కారణం అది కాదు. 60 కంటే తక్కువ వస్తే ఆ అంకె 108కి ఫోన్‌లోనే చెప్పండి, నరంలోకి గ్లూకోజ్ ఇస్తారు. మింగలేని మనిషికి గ్లాసుతో పంచదార నీళ్లు పోయకూడదు. గ్లూకోమీటర్ లేకపోతే దాని కోసం ఎవరింటికీ పరుగెత్తకండి. అంకె ఎంత వచ్చినా ప్రయాణం ఆపకండి.

బీపీ సంగతి మాత్రం అలా కాదు. 190 కనబడగానే అందరి చెయ్యీ మాత్ర వైపు వెళ్తుంది. స్ట్రోక్ వచ్చిన మొదటి గంటల్లో బీపీ పెరగడం మామూలే, పైగా చేలకి పక్క బోదెల నుంచి అందుతున్న ఆ కాస్త నీళ్లు తోసేది ఆ ఒత్తిడే. నాలుక కింద మాత్ర పెడితే బీపీ ఒక్కసారిగా ధబాలున పడిపోవచ్చు, అప్పుడు వాడిన భాగం కూడా చచ్చిపోతుంది. ఆసుపత్రిలో సైతం గడ్డ స్ట్రోక్‌కి ఇంజెక్షన్ ఇవ్వని రోగిలో బీపీ 220/120 దాటితే తప్ప సాధారణంగా తొందరపడి దించరు, ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185/110 లోపుకి తెస్తారు, అది కూడా నరం ద్వారా, నిమిష నిమిషం చూసుకుంటూ. అందుకే ఆర్‌ఎంపీ గారిని ఫోన్‌లోకి పిలిచి "దండం పెడతాను, ఆ మాత్ర పెట్టొద్దు" అని బతిమాలాను. ఆయన మంచిమనిషి, ఆపేశారు.

నోట్లో ఏమీ పెట్టొద్దు

కాఫీ, మంచినీళ్లు, మాత్ర, తులసి రసం, ఏదీ వద్దు. మూతిని పడేసిన దెబ్బే గొంతునీ పడేసి ఉండవచ్చు. మింగిన నీళ్లు పొట్టలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతాయి, దగ్గు కూడా రాకపోవచ్చు, మూడో రోజు న్యుమోనియాతో బయటపడుతుంది. పక్షవాతం తట్టుకుని న్యుమోనియాతో పోయినవాళ్లని నేను చూశాను.

యాస్పిరిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే గుండెనొప్పికి యాస్పిరిన్ నమలమన్న సలహా అందరికీ తెలుసు, అదే ఇక్కడా చేస్తారు. వచ్చింది గడ్డో, చిట్లిన నాళమో స్కాన్ తీసేదాకా పెద్ద డాక్టర్ కూడా చెప్పలేడు. చిట్లిన మెదడు మీద యాస్పిరిన్ వేస్తే రక్తం ఆగదు. గడ్డ అని తేలాక ఆసుపత్రిలో వాళ్లే ఇస్తారు, అది కూడా గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడితే 24 గంటలు ఆగి.

వేళ్ల కొసలు సూదితో గుచ్చి రక్తం తీయడం, పావురం రక్తం పూయడం, నూనెతో మర్దన చేయడం, ఇవన్నీ జరుగుతున్నాయి. పసరు మందుకి ఫలానా ఊరు తీసుకెళ్తామని బండి మాట్లాడుకుని, రెండు రోజుల తర్వాత మా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు, పక్షవాతానికి ఇంగ్లిష్ వైద్యంలో మందు లేదన్న మాట మన పెద్దలు ఎన్నో ఏళ్లు విన్నారు, ఒకప్పుడు అది నిజం కూడా. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేస్తుందని 1995లో తేలింది, గొట్టంతో గడ్డ లాగే వైద్యం గట్టిగా నిలబడింది 2015లో. ఆ తర్వాత పరిస్థితి మారింది, మాట మాత్రం మారలేదు.

వాంతి అవుతున్నా మత్తుగా ఉన్నా మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, కట్టుడు పళ్లు ఉంటే తీసేయండి. కారు ఎక్కించేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని లాగకండి, కండరం పట్టులేని భుజం కీలు జారిపోతుంది. నడుం కింద చెయ్యి వేసి లేపండి.

ఎక్కడికి తీసుకెళ్లాలి

సగం కేసులు చెడేది ఇక్కడే. మా ఊరికి దగ్గర్లో, పది నిమిషాల దూరంలో ఒక నర్సింగ్ హోం ఉంది. అక్కడ సీటీ స్కాన్ లేదు. అక్కడికి వెళ్తే సెలైన్ పెట్టి, బీపీ దించి, అబ్జర్వేషన్ అని రెండు గంటలు ఉంచి, తర్వాత టౌన్‌కి పంపిస్తారు. నలభై కిలోమీటర్ల దూరంలో టౌన్‌లో ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లడమే దగ్గర దారి.

బయలుదేరే ముందు కాదు, బయలుదేరాక దారిలో ఆసుపత్రికి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి. సీటీ స్కాన్ ఇప్పుడు, ఈ టైంలో పనిచేస్తోందా? స్ట్రోక్‌కి గడ్డ కరిగించే ఇంజెక్షన్ మీ దగ్గరే ఇస్తారా? "డాక్టర్ గారు ఉన్నారా" అని అడిగితే ఉన్నారనే అంటారు, దానివల్ల లాభం లేదు. రెండింటిలో ఏది లేదన్నా ఇంకో ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఉంది అంటే, "63 ఏళ్ల మనిషి, స్ట్రోక్ లక్షణాలు, 6:50కి బాగున్నాడు, 8:50కి మీ దగ్గరుంటాం" అని చెప్పండి. ఈ ఒక్క మాటతో మేము స్కాన్ గది ఖాళీ చేయించి పెడతాం. షుగర్, బీపీ ఉన్నవాళ్లు, గుండె దడ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ప్రశ్నలు ఇవాళే అడిగి, జవాబు చెప్పిన ఆసుపత్రి నంబరు ఫోన్‌లో దాచుకోండి.

108కి ఫోన్ చేస్తే వాళ్లకి కూడా "మూతి వంకర, మాట ముద్ద, స్ట్రోక్ అనుకుంటున్నాం, స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి" అని స్పష్టంగా చెప్పండి. దారిలో శ్వాస, వాంతి చూసుకునే మనిషి ఉంటాడు కాబట్టి అంబులెన్స్ మంచిది. అది రావడానికి అరగంట పడుతుందంటే, వాకిట్లో కారు ఉంటే కారులో వెళ్లండి. మాకు అదే జరిగింది.

వెంట తీసుకెళ్లాల్సినవి వాడుతున్న మాత్రలన్నీ, చీటీ కాదు, మాత్రల సంచి మొత్తం. రక్తం పల్చబరిచే మాత్ర ఏదైనా వాడుతుంటే అది ఏది, చివరిసారి ఎప్పుడు వేసుకున్నాడు అన్నదాని మీదే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది ఆధారపడి ఉంటుంది. ఈ మధ్య పెద్ద ఆపరేషన్ జరిగిందా, తలకి దెబ్బ తగిలిందా, ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయిందా అన్నవి తెలిసిన మనిషి పక్కన ఉండాలి. సుమారు బరువు కూడా తెలియాలి, డోసు బరువుని బట్టే. ఇవేవీ తెలియని పక్కింటి కుర్రాడిని తోడు పంపి, ఇంట్లోవాళ్లు బట్టలు సర్దుకుని వెనక బస్సులో వస్తే, వచ్చేదాకా మేం ఆగాలి.

ఆసుపత్రి గుమ్మం దాటాక

ఓపీ చీటీ వరుసలో నిలబడకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి గట్టిగా "స్ట్రోక్, 6:50 నుంచి" అనండి. పెదనాన్న 8:50కి చేరాడు. 9:05కి సీటీ అయింది, రక్తస్రావం లేదు. సీటీ బాగుందంటే స్ట్రోక్ లేదని కాదు, ఇది చాలామందికి తెలియక "స్కాన్ నార్మల్ అన్నారు కదా, ఇంటికి తీసుకెళ్తాం" అంటారు. మొదటి గంటల్లో గడ్డ వల్ల దెబ్బతిన్న భాగం సీటీలో కనబడకపోవచ్చు. ఆ స్కాన్ తీసేది ముఖ్యంగా నాళం చిట్లలేదని తేల్చుకోవడానికే. బీపీ 178/96 ఉంది, దించే అవసరం రాలేదు.

అప్పుడు డాక్టర్ సంతకం అడుగుతారు. ఆ నిమిషం కోసం ముందే మనసు సిద్ధం చేసుకోండి. మందు పేరు ఆల్టెప్లేజ్ లేదా టెనెక్టెప్లేజ్. మూడు గంటల లోపు ఇస్తే, ఇవ్వని వాళ్లతో పోలిస్తే నూటికి సుమారు 10 మంది అదనంగా దాదాపు మామూలు మనిషి అవుతారు. మూడు నుంచి నాలుగున్నర గంటల మధ్య ఇస్తే ఆ అదనం 5కి పడిపోతుంది. ఇంకో పక్క, 1995 నాటి పరిశోధనలో ఈ మందు తీసుకున్న నూటికి 6 మందికి మెదడులో రక్తస్రావమై పరిస్థితి దిగజారింది. ఆ నష్టాన్ని కూడా కలిపి లెక్కేసిన తర్వాతే ఆ పది, ఆ అయిదు. భయం సహజం. కానీ "హైదరాబాద్ నుంచి బాబాయి వచ్చాక అడిగి చెప్తాం" అంటే మీరు వద్దని చెప్పినట్టే, మాట మాత్రం బయటికి అనలేదంతే. బాబాయికి ఫోన్ చేయాలంటే కారులో ఉన్నప్పుడే చేయండి, సంతకం ఎవరు పెడతారో దారిలోనే తేల్చుకోండి. అన్నయ్య అలాగే చేశాడు, 9:35కి ఇంజెక్షన్ పడింది. మొదలు నుంచి లెక్కేస్తే రెండు గంటల నలభై అయిదు నిమిషాలు.

పెద్ద నాళం మూసుకుపోయిందని అనుమానం ఉంటే రక్తనాళాల స్కాన్ కూడా తీస్తారు. గడ్డని గొట్టంతో లాగాలంటే అన్నిచోట్లా కుదరదు, పెద్ద సెంటర్‌కి పంపాల్సి రావచ్చు. అలాంటప్పుడు కూడా అర్హత ఉన్న రోగికి ఇంజెక్షన్ ఇక్కడే మొదలుపెట్టి పంపడం మంచిదని అడగండి.

"వచ్చింది, పోయింది" అన్నప్పుడు

మూతి వంకర పోయి పది నిమిషాల్లో మళ్లీ సరైపోతే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, దిష్టి తీస్తారు. గడ్డ తాత్కాలికంగా అడ్డుపడి కదిలిపోయి ఉండవచ్చు. పెద్దది రావడానికి అవకాశం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఆ తర్వాతి రెండు రోజుల్లోనే. అందుకే ఆ రోజే, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. మెడ నాళాలు, గుండె లయ చూసి మందులు మొదలుపెడతారు. దీంట్లో "రేపు చూద్దాం" లేదు.

ఇంకొకటి, బెల్స్ పాల్సీ అని ముఖం నరం ఒక్కటే వాచి మూతి వంకర పోయే జబ్బు ఉంది, దానికి మెదడుతో సంబంధం లేదు. దాంట్లో నుదురు కూడా పడిపోతుంది, ఆ వైపు కనుబొమ్మ పైకి లేవదు, కన్ను పూర్తిగా మూతపడదు. స్ట్రోక్‌లో నుదుటికి రెండు పక్కల మెదడు నుంచీ ఆజ్ఞలు అందుతాయి కాబట్టి నుదుటి ముడతలు సాధారణంగా నిలుస్తాయి, కింది సగమే జారుతుంది. ఈ తేడా మీకు తెలిస్తే మంచిదే, కానీ దాన్ని బట్టి ఇంట్లో తీర్పు చెప్పకండి. మాట ముద్దగా ఉన్నా, చెయ్యి దిగినా అది బెల్స్ పాల్సీ అనుకోవడానికి వీల్లేదు. అనుమానం ఉన్నంతవరకూ స్ట్రోక్ అనుకునే కదలండి.

మొదటి రాత్రి పక్కన కూర్చునేవాళ్లకి

ఇంజెక్షన్ పడిన 24 గంటలు బీపీని 180/105 లోపు ఉంచుతారు, మొదట్లో పావుగంటకోసారి చూస్తారు, రోగి నిద్ర చెడుతోందని మమ్మల్ని ఆపకండి. కొత్తగా తలనొప్పి అన్నా, వాంతి అయినా, అంతసేపు మాట్లాడిన మనిషి మత్తులోకి జారినా, పెదవులూ నాలుకా ఉబ్బినట్టున్నా వెంటనే నర్సుని పిలవండి. నిద్రపోతున్నాడులే అనుకోకండి.

సాయంత్రం పెదనాన్నకి మింగే పరీక్ష చేశారు. కూర్చోబెట్టి ఒక చెంచా నీళ్లు, ఆగి, ఇంకో చెంచా. రెండో చెంచాకి గొంతు తడిగా, బుడబుడమన్నట్టు మారింది, దగ్గు మాత్రం రాలేదు. ఆ రాత్రి నోటి ద్వారా ఏమీ ఇవ్వలేదు, ముక్కు గొట్టం వేశారు. ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని పెద్దమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది, ఒక్క గుటకే కదా అని. నాలుగో రోజు పరీక్ష పాసయ్యాక మెత్తటి జావతో మొదలుపెట్టి, వారానికి కాఫీ దాకా వచ్చాడు. మూడు నెలలకి కర్ర లేకుండా నడిచాడు. మాట నిలబడింది, అలసిపోయిన సాయంత్రాలు మాత్రం కాస్త మందగిస్తుంది. చొక్కా గుండీలు ఎడం చేత్తో పెట్టుకోవడానికి ఇప్పటికీ ఆయనకి టైం పడుతోంది.